కాంట్రాక్టర్ మీద ఘాటుగా రివ్యూ రాయాలి, కేసు మాత్రం రాకూడదు: ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి

ప్రశ్న: మా ఇంటి మీద మొదటి అంతస్తు వేయడానికి కాంట్రాక్ట్ ఇచ్చామండి. 1,100 చదరపు అడుగులు, అడుగుకు 1,850 చొప్పున, ఆరు నెలల్లో అయిపోవాలని రాసుకున్నాం. 17.5 లక్షలు బ్యాంకులో వేశాం. ఆగస్టు నుంచి మనుషులు రావడం మానేశారు. పై బాత్రూం నుంచి కింద హాల్లోకి నీళ్లు దిగుతున్నాయి. గూగుల్‌లో పెడదామని ఇలా రాసుకున్నాను: "వీడంత దొంగ కాంట్రాక్టర్ ఇంకొకడు లేడు. 17 లక్షలు మింగేసి పారిపోయాడు. టేకు అని చెప్పి పనికిరాని కర్రతో గుమ్మాలు పెట్టాడు. స్లాబ్‌లో స్టీల్ కూడా తినేశాడు, ఎప్పుడు కూలుతుందో తెలీదు. చాలా మందిని ఇలాగే ముంచాడట. ఈ 420గాడికి ఎవరూ పని ఇవ్వకండి." ఇంకా పెట్టలేదు. పెడితే పరువు నష్టం కేసు వేస్తానని అతను వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. చాలా టెన్షన్‌గా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు నాకు లేదా?

జవాబు:

హక్కు ఉంది. కానీ మీరు రాసుకున్న ఆరు వాక్యాల్లో జరిగింది జరిగినట్టు చెప్పినది ఒక్కటీ లేదు. అది పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో వినియోగదారుల కేసులు, పరువు నష్టం కేసులు చూస్తున్నాను. ఇల్లు కట్టించుకుని నష్టపోయి, ఆ కోపంలో నాలుగు మాటలు రాసి, చివరికి ముద్దాయిగా నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది చెప్పింది అబద్ధం కాదు, చెప్పిన తీరులోనే చిక్కుకున్నారు.

ముందు చట్టం సంగతి. పరువు నష్టం మన దేశంలో రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సివిల్ దావా, అంటే డబ్బు రూపంలో పరిహారం అడగడం. రెండోది క్రిమినల్ కేసు. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కిందికి వస్తుంది, అంతకుముందు ఐపీసీ 499, 500 ఉండేవి. శిక్ష గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఈ క్రిమినల్ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు కానీ 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో కోర్టు దాన్ని నిలబెట్టింది. కాబట్టి అది పోతుందని ఎదురుచూడక్కర్లేదు.

ఈ రెండు దారుల మధ్య ఒక తేడా ఉంది. చాలామందికి అది తెలియదు. సివిల్ దావాలో మీరు రాసింది నిజమని రుజువు చేస్తే అంతటితో బయటపడతారు. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే సరిపోదు. అది నిజమై ఉండాలి, దాన్ని బయటపెట్టడం ప్రజా ప్రయోజనానికి అవసరమై ఉండాలి. దీనితోపాటు సెక్షన్ 356లో మీకు పనికొచ్చే మినహాయింపులు ఇంకో రెండు ఉన్నాయి. మీ ప్రయోజనాన్ని గానీ ఇతరుల ప్రయోజనాన్ని గానీ కాపాడుకోవడానికి సద్భావంతో అన్న మాట ఒకటి, ఎదుటివాళ్ల మంచికోసం గానీ ప్రజల మంచికోసం గానీ సద్భావంతో చేసిన హెచ్చరిక ఇంకొకటి. రివ్యూ అనేదే ఒక హెచ్చరిక కదా, అందుకే ఆ చివరిది మీకు చాలా ముఖ్యం. అయితే సద్భావం అంటే మనసు మంచిది అని అర్థం కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకుని చేసిన పని అని చట్టం చెబుతుంది. అంటే రాసేముందు మీరేం చూశారు, ఏం కొలిచారు, ఎవర్ని అడిగారు అన్నదే అక్కడ ప్రశ్న. ఈ మినహాయింపు నాకు వర్తిస్తుందని చూపించాల్సిన బాధ్యత కూడా మీదే.

అమెరికాలో ఉన్న బంధువులు "నిజం రాస్తే ఎవడేం చేస్తాడు" అంటే ఆ ధైర్యం ఇక్కడికి తెచ్చుకోకండి. అక్కడ నిజం అయితే కేసు నిలవదు. పైగా ఇలా నోరు నొక్కడానికి వేసే దావాలను మొదట్లోనే కొట్టేయించుకునే చట్టాలు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. అలాంటి చట్టం మనకు లేదు. ఊళ్లో ఇల్లు కట్టిస్తూ డల్లాస్‌లో కూర్చుని రివ్యూ రాసేవాళ్లు ఈ తేడా గమనించుకోవాలి.

ఇప్పుడు మీ డ్రాఫ్ట్ దగ్గరకు వద్దాం. నా పద్ధతి ఒకటే. ప్రతి వాక్యం కింద ఒక కాగితం పెట్టి చూస్తాను. ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్, మెసేజ్, ఫొటో, ఇంజనీరు రాసిచ్చిన నోటు, ఏదైనా సరే. కింద కాగితం లేని వాక్యం తీసేస్తాను, లేదా కాగితం ఉన్న మేరకు కుదిస్తాను.

"దొంగ", "420గాడు". ఈ రెండూ ఒక నేరాన్ని అంటగడుతున్నాయి. 420 అంటే ఐపీసీలో మోసం సెక్షన్. ఇప్పుడు ఆ నంబర్ మారిపోయినా వాడుకలో దాని అర్థం మారలేదు. ఒక మనిషిని నేరస్థుడు అన్నారంటే, నేరం చేశాడని మీరు రుజువు చేయాలి. పని ఆలస్యం చేయడం, ఆపేయడం, సరిగా చేయకపోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే కానీ దానంతటదే మోసం కాదు. మోసం అనాలంటే డబ్బు తీసుకునే రోజునే చేయకూడదన్న ఉద్దేశం ఆయనకు ఉందని చూపించాలి. ఆయన మనసులో ఏముందో మీ దగ్గర ఏ కాగితం చెబుతుంది? ఏదీ చెప్పదు. ఉద్దేశాన్ని గురించిన మాటలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి: కావాలనే, కక్కుర్తితో, ముంచాలని, టోపీ పెట్టడానికి. ఇవన్నీ తీసేయండి. తీసేస్తే రివ్యూ చప్పబడుతుందని భయపడకండి, చివరికి మీరే చూస్తారు.

"వీడు", "గాడు" కూడా వద్దు. చట్టంలో వీటికి వేరే శిక్ష ఉందని కాదు. రేపు మేజిస్ట్రేట్ ఆ రివ్యూ చదివితే, హెచ్చరించాలని రాశారా, కక్ష తీర్చుకోవాలని రాశారా అన్నది మొదట ఆ సంబోధనలోనే కనబడుతుంది. "ఆయన" అనండి, లేదా అసలు మనిషి ప్రస్తావనే లేకుండా "ఈ సంస్థ" అనండి. ఆయన కులం, కుటుంబం, ఇల్లు, ఫోన్ నంబర్, ముఖం కనబడే ఫొటో ఏవీ అక్కడ ఉండకూడదు. చట్టంలో పరువు నష్టానికి ఇచ్చిన అర్థంలోనే వృత్తి పరంగా గానీ కులం పరంగా గానీ మనిషిని తక్కువ చేయడం అనే మాట ఉంది. మీ ఫిర్యాదు ఆయన చేసిన పని మీద. దాన్ని పని దగ్గరే ఆపండి.

వెటకారం చేస్తే తప్పించుకోవచ్చని కూడా అనుకోకండి. "అబ్బో ఎంత నిజాయితీపరుడో, మా స్టీల్ అసలు ముట్టుకోలేదు" అని రాస్తే బాగానే పేలుతుంది. కానీ చట్టంలోనే దీనికి ఉదాహరణ ఇచ్చారు. ఒకడు నిజాయితీపరుడు, ఫలానా వాళ్ల గడియారం ఎప్పుడూ దొంగిలించలేదు అని, దొంగిలించాడని జనం నమ్మాలనే ఉద్దేశంతో చెబితే అదీ పరువు నష్టమే. "స్టీల్ తిన్నాడా?" అని ప్రశ్న గుర్తు పెట్టినా దాదాపు అంతే. మన భాషలో "అట" ఒకటి ఉంది. "చాలా మందిని ముంచాడట" అంటే నేను విన్నానని మాత్రమే కదా అనుకుంటాం. కోర్టు అలా అనుకోదు. విన్నమాటను మళ్లీ పదిమందికి చెప్పినవాళ్లు ఆ మాటకు తామే జవాబు చెప్పుకోవాలి. మిగతా ఇళ్లవాళ్లు ఉంటే వాళ్ల అనుభవం వాళ్లనే రాసుకోనివ్వండి.

"స్లాబ్‌లో స్టీల్ తినేశాడు, ఎప్పుడు కూలుతుందో తెలీదు". మొత్తం డ్రాఫ్ట్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇదే. కాంక్రీట్ పోసేశాక లోపల ఎంత స్టీల్ ఉందో కంటితో ఎవరూ చెప్పలేరు. కాంక్రీట్ పోసే ముందు సెంట్రింగ్ మీద కట్టిన చువ్వల ఫొటోలు మీ దగ్గర ఉండి, చువ్వకూ చువ్వకూ మధ్య దూరం టేపు పెట్టి తీసినవి అయి ఉంటే, డ్రాయింగ్‌లో ఎంత ఉంది, ఫొటోలో ఎంత ఉంది అని రాయొచ్చు. ఆ ఫొటోలు లేవనుకుంటే, స్ట్రక్చరల్ ఇంజనీరు పరికరాలతో పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇచ్చేదాకా స్టీల్ ప్రస్తావనే వద్దు. కూలుతుందన్నది భవిష్యత్తు గురించిన మాట, దాన్ని మీరు ఏ రోజూ రుజువు చేయలేరు. ఇంకో మాట కూడా. స్లాబ్ గురించి నిజంగా అనుమానం ఉంటే రివ్యూ సంగతి తర్వాత, ముందు ఇంజనీరును పిలిపించండి.

ఇక గుమ్మాలు. ఒప్పందంలో టేకు అని ఉంది, మీ వడ్రంగి చూసి ఇది టేకు కాదన్నాడు, అంతేనా? వడ్రంగి మాట మీకు సరిపోతుంది, కోర్టుకు సరిపోకపోవచ్చు. కర్ర ఏ జాతిదో తేల్చి చెప్పే పరీక్షలు ఉన్నాయి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వాళ్లు చిన్న ముక్క పంపితే చూసి రాసిస్తారు. ఆ రిపోర్టు వచ్చేలోపు మీరు రాయగలిగింది ఇంతే: "ఒప్పందంలో గుమ్మాలకు టేకు అని ఉంది. కర్ర కొన్న బిల్లు చూపించమని ఆగస్టు 12న అడిగాం. ఈ రోజు వరకు చూపించలేదు." ఇందులో అది టేకు కాదని మీరు అనలేదు. చదివేవాళ్లకు మాత్రం ఏం అడగాలో తెలిసిపోతుంది. రేపు ఆయన బిల్లు తెచ్చి చూపిస్తే ఆ వాక్యం సరిదిద్దుతారు, మీకు తలవంపు ఉండదు.

నీళ్లు దిగడం దగ్గర కొంచెం సేపు ఆగాలి. మీ దగ్గరున్న ఫిర్యాదుల్లో బలమైనది అదే, దాన్ని మీరు డ్రాఫ్ట్‌లో రాయనే లేదు. "వాటర్‌ప్రూఫింగ్ చేయకుండా ఎగ్గొట్టాడు" అని రాయాలనిపిస్తుంది. కానీ మీకు తెలిసింది హాల్ కప్పు మీద తడి మరక ఉందని మాత్రమే. ఆ నీరు బాత్రూం నేల నుంచి దిగుతోందా, గోడలో వేసిన పైపు జాయింట్ నుంచి కారుతోందా? పైపు పని కాంట్రాక్టర్‌ది కాకుండా మీరు విడిగా పెట్టుకున్న ప్లంబర్‌ది అయితే ఆ వాక్యం మీ మీదకే తిరుగుతుంది. తేల్చుకోవడం కష్టమేం కాదు. బాత్రూంలోకి వెళ్లే నీటి వాల్వ్ పూర్తిగా కట్టేయండి. నేల మీది జాలీ రంధ్రం ప్లాస్టిక్ కవర్‌లో గుడ్డ కూరి గట్టిగా బిగించండి. గుమ్మం దగ్గర చిన్న కట్ట కట్టి, బయటి నుంచి బకెట్లతో నీళ్లు తెచ్చి ఒక అంగుళం ఎత్తున నిలబెట్టండి. గోడ టైల్ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, తేదీ, సమయం రాసి ఫొటో తీయండి. కింద కప్పు మీది మరక చుట్టూ కూడా అలాగే గీత పెట్టండి. రోజుకు రెండుసార్లు ఫొటో తీస్తూ 48 గంటలు ఆగండి. ఆవిరై కొద్దిగా తగ్గడం మామూలే. అంతకు మించి మట్టం పడిపోయి, కింద మరక గీత దాటితే నీరు నేల నుంచే దిగుతోంది. మట్టం దాదాపు అలాగే ఉంటే నేలను అనడానికి లేదు, పైపులు పరీక్షించాలి. ఇది మీరొక్కరే చేయకుండా ఒక సివిల్ ఇంజనీరును పిలిచి, చూసింది చూసినట్టు అర పేజీ రాసి సంతకం చేసివ్వమనండి. కాంట్రాక్టర్‌కు కూడా ముందురోజు మెసేజ్ పెట్టండి: ఫలానా రోజు పరీక్ష చేస్తున్నాం, మీరూ రండి అని. వచ్చినా మంచిదే, రాకపోయినా మంచిదే. తగిన జాగ్రత్త తీసుకున్నారు అనడానికి ఆ ఒక్క మెసేజ్ చాలా పని చేస్తుంది.

ఫొటోల విషయంలో జాగ్రత్త. తీసిన ఫోన్‌లో అసలు ఫైళ్లను అలాగే ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపుకుని అసలువి చెరిపేస్తే, ఎప్పుడు తీశారన్న సమాచారం వాటిలోంచి పోతుంది. రేపు కోర్టులో ఫొటోలు, చాట్‌లు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్ మీ దగ్గరే ఉంటే అది తేలిక. కొత్త ఫోన్ కొని పాతది మార్పిడికి ఇచ్చేసినవాళ్లు ఆ రోజు చాలా ఇబ్బంది పడతారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. "17 లక్షలు మింగేసి పారిపోయాడు". మీ లెక్క చూస్తే, 1,100 అడుగులు, 1,850 చొప్పున మొత్తం 20,35,000. మీరిచ్చింది 17,50,000. ఇంకా 2,85,000 ఉంది. ఆ డబ్బు ఏ దశది? రంగులు వేసి తాళాలు ఇచ్చాక కట్టాలని ఉంటే మీరు బాకీ లేరు. అలా కాకుండా టైల్స్ అయ్యాక లక్షన్నర కట్టాలని ఉండి, టైల్స్ అయిపోయినా మీరు కట్టకపోయి ఉంటే, పని ఎందుకు ఆగింది అన్నదానికి ఇంకో సమాధానం కూడా ఉన్నట్టే. అది రివ్యూలో లేకపోతే మీరు రాసిన ప్రతి వాక్యం నిజమైనా, మొత్తం కథ అబద్ధం అవుతుంది.

ఇలా దెబ్బతిన్న ఒక మాస్టారు నాకు గుర్తున్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇల్లు మొదలుపెట్టారు. పని మధ్యలో ఆగిపోయింది. చాలా మర్యాదైన భాషలోనే రాశారు: ఇంత ఇచ్చాను, ఫలానా తేదీ నుంచి పని ఆగింది, ఫోన్ తీయడం లేదు అని. ఒక్క తిట్టు లేదు. నోటీసు వచ్చాక నా దగ్గరకు వచ్చారు. ఒప్పందం చూశాను, దశలవారీ చెల్లింపుల పట్టిక ఉంది. ప్లాస్టరింగ్ దశ తాలూకు 1,60,000 కట్టలేదు. కాంట్రాక్టర్ రెండుసార్లు మెసేజ్ పెట్టి అడిగాడు. కొడుకు పంపుతాడని చెప్పి మాస్టారు ఆగమన్నారు. ఆ తర్వాతే పని ఆగింది. నేను అడిగితే, "పని నాణ్యత బాగాలేక ఆపాను కదా, అది రాయాలా?" అన్నారు. రాయాల్సింది. "ప్లాస్టరింగ్‌లో పగుళ్లు ఉన్నాయని ఆ దశ డబ్బు ఆపాం" అన్న ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ రివ్యూకు బలం వచ్చేది. లేకపోవడం వల్ల ఆయనే విషయం దాచినట్టు కనబడింది. చివరికి రివ్యూ మార్చి, ఆయనా కాంట్రాక్టరూ కూర్చుని మాట్లాడుకుని ముగించాల్సి వచ్చింది. అందుకే నేను ఇప్పటికీ మొదట అడిగేది అదే: ఆయన మీ గురించి ఏమంటాడు? ఆ మాటను మీ రివ్యూలో మీరే ముందు చెప్పండి.

"పారిపోయాడు" అన్న మాటను కూడా విప్పాలి. ఊరు వదిలి వెళ్లాడా, ఆఫీసు మూసేశాడా? మిమ్మల్ని వాట్సాప్‌లో బెదిరిస్తున్నాడంటే పారిపోలేదనే కదా. మనుషులు ఏ తేదీ తర్వాత రాలేదు, మీరు ఎన్నిసార్లు అడిగారు, ఏం జవాబు వచ్చింది అన్నదే రాయండి.

వీటన్నిటినీ కలిపి, మీ కాగితాలు నేననుకుంటున్నట్టే ఉంటే, రివ్యూ ఇలా ఉంటుంది. తేదీలు, అంకెలు మీవి మీరు సరిచూసుకుని మార్చుకోండి:

"మా ఇంటి మొదటి అంతస్తు, 1,100 చదరపు అడుగులు, ఈ సంస్థకు 2025 జనవరి 10న ఇచ్చాం. అడుగుకు 1,850 రూపాయలు, ఆరు నెలల గడువు అని రాతపూర్వక ఒప్పందం. జులై 28 నాటికి 17,50,000 బ్యాంకు ద్వారా చెల్లించాం. మిగిలిన 2,85,000 రంగులు పూర్తయి తాళాలు ఇచ్చాక చెల్లించాల్సింది. ఆగస్టు 2 తర్వాత పనివాళ్లు రాలేదు. ఆ నెలలో ఆరుసార్లు మెసేజ్ పెట్టాం. రెండుసార్లు 'వచ్చే వారం పంపిస్తా' అని జవాబు వచ్చింది, నాలుగింటికి రాలేదు. తలుపులు, కరెంటు ఫిట్టింగులు, రంగులు మిగిలాయి. ఒప్పందంలో గుమ్మాలకు టేకు అని ఉంది. కర్ర కొన్న బిల్లు ఆగస్టు 12న అడిగాం, ఇంకా చూపించలేదు. పై బాత్రూం నుంచి కింద హాల్ కప్పులోకి నీరు దిగుతోంది. ఇంజనీరు సమక్షంలో 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాం. పైపుల వాల్వ్ కట్టేసినా మట్టం తగ్గింది, కింద మరక పెరిగింది. పరీక్షకు రమ్మని సంస్థకు ముందుగా చెప్పాం, ఎవరూ రాలేదు. బాత్రూం నేల తీసి మళ్లీ వేయడానికి, మిగిలిన పనికి వేరే మేస్త్రీ ఇచ్చిన అంచనా మాకు మిగిలిన డబ్బు కంటే ఎక్కువ వచ్చింది. మా అనుభవంలో ఈ సంస్థ గడువు పాటించలేదు, అడిగినదానికి జవాబు ఇవ్వలేదు. నేను మళ్లీ ఈ సంస్థకు పని ఇవ్వను. ఇచ్చేవాళ్లు చెల్లింపులను పని పూర్తయిన దశలకు ముడిపెట్టుకోమని నా సలహా."

దీన్ని మీ మొదటి డ్రాఫ్ట్ పక్కన పెట్టి చదవండి. ఇల్లు కట్టించుకోబోయేవాడు దేన్ని చూసి వెనక్కి తగ్గుతాడు? "దొంగ" అన్న మాట ప్రతి రెండో రివ్యూలోనూ ఉంటుంది. ఆరు మెసేజ్‌లలో నాలుగింటికి జవాబు లేదన్నది ఎక్కడా ఉండదు. అభిప్రాయం కూడా చివర్లో ఉంది చూడండి, "మా అనుభవంలో" అని మొదలై, దానికి ఆధారం పైనే కనబడుతోంది. అలాంటి అభిప్రాయం ఎంత కఠినమైనా రాయొచ్చు. ఆధారం చెప్పకుండా "నాసిరకం పని" అని మాత్రం రాస్తే, అది అభిప్రాయమా, ఆరోపణా అన్న వాదన మొదలవుతుంది. ఒక నక్షత్రం ఇవ్వడం మీ అభిప్రాయం, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

రాయడం కంటే ముందు ఆయనతో ఏం మాట్లాడుతున్నారన్నది కూడా చూసుకోండి. "రెండు లక్షలు వెనక్కి ఇవ్వు, లేకపోతే రివ్యూ పెడతా" అని మెసేజ్ ఎప్పుడూ పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే నాకు చెప్పండి. పరువు తీసే రాత ప్రచురిస్తానని బెదిరించి డబ్బు తీసుకోవడం బలవంతపు వసూలు అని చట్టంలోనే ఉదాహరణగా రాశారు. డబ్బు మీకు నిజంగా రావాల్సిందే అయినా, ఆ మెసేజ్ పట్టుకుని ఆయన కథ తిప్పేస్తాడు. డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఇల్లు కట్టడం కూడా సేవ కిందికే వస్తుంది, రెండేళ్లలోపు వేయాలి. రివ్యూ దారి వేరు, డబ్బు దారి వేరు, ఒక దాన్ని ఇంకో దానికి బేరంగా పెట్టకూడదు.

రివ్యూ ఒక్కచోటే పెట్టండి, ఆ సంస్థ పేజీలో. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా అది ప్రచురణే, ఒక్క మూడో మనిషి చదివినా చాలు. గ్రూపులో పెడితే కింద మీ బావగారు "వీడి సంగతి తేల్చాలి" అని రాస్తారు, అదంతా మీ ఖాతాలో పడుతుంది. మారుపేరుతో పెట్టడం వల్ల లాభం లేదు. కోర్టు అడిగితే వివరాలు బయటికి వస్తాయి, పైగా సద్భావంతో రాశానని చెప్పుకోవడం కష్టమవుతుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా నోటీసు రావచ్చు, కేసు కూడా వేయొచ్చు. వేయకుండా ఆపే రాత ఏదీ లేదు. ఇలా రాస్తే ఆ కేసు నిలబడడం కష్టమవుతుంది. నోటీసు అంటే కేసు కాదు. దాంట్లో కోటి రూపాయలు అని రాయడానికి ఖర్చు లేదు, దావా వేయాలంటే మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. దావాకు గడువు ప్రచురించిన నాటి నుంచి ఏడాది. క్రిమినల్ వైపు, ఇది పోలీసులు సొంతంగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేసే నేరం కాదు, బెయిల్ వచ్చే నేరం. ఆయన మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేయాలి. కొత్త నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 223 ప్రకారం మేజిస్ట్రేట్ ఆ ఫిర్యాదును స్వీకరించే ముందే మీకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీ కాగితాలు పనికొచ్చే మొదటి చోటు అదే. స్టేషన్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి "రివ్యూ తీసేయండి" అంటే మర్యాదగా, రాతపూర్వకంగా పంపమనండి.

నోటీసు వస్తే భయపడి వెంటనే రివ్యూ తుడిచేయకండి, అలాగని మొండిగా వదిలేయకండి కూడా. మొదట రివ్యూ, ఆయన జవాబు, తేదీలు కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఒక్కో వాక్యం మళ్లీ కాగితంతో సరిచూడండి. ఒక్క అంకె తప్పున్నా వెంటనే సరిదిద్ది, "ఫలానా తేదీన సవరించాను" అని రాయండి. నోటీసుకు జవాబు లాయర్ ద్వారా ఇవ్వండి. గూగుల్ పేజీలో ఆయన మీ మీద ఏం రాసినా అక్కడ జవాబు చెప్పకండి. వాదనలో నోరు జారేది ఆ రెండో, మూడో జవాబులోనే. ఒకవేళ ఆయన వచ్చి బాత్రూం బాగుచేస్తే ఆ సంగతి కూడా తేదీతో సహా రాయండి.

ఇవన్నీ రేపటి పనులు. ఈ వారం మాత్రం నీళ్లు నిలబెట్టే పరీక్ష చేయించండి. కొత్త మేస్త్రీ వచ్చి బాత్రూం టైల్స్ పగలగొట్టాడంటే ఆ నీరు ఎక్కడి నుంచి దిగిందో చూపించడానికి మీ దగ్గర ఇంకేమీ మిగలదు.